సాఫ్ట్‌వేర్ ఓకే అంది, మనిషి పక్కన పెట్టింది

నిన్ననే ఆఫర్ లెటర్ వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నాది అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగం. వెండర్ ఇన్వాయిస్‌లు, జీఎస్టీ రీకన్సిలియేషన్, ఎస్‌ఏపీలో పోస్టింగ్. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అందరూ నన్ను భయపెట్టింది ఏటీఎస్ గురించే, అంటే కంపెనీలు రెజ్యుమెల్ని చదివించుకునే సాఫ్ట్‌వేర్ గురించి. నిజానికి దానితో పెద్ద ఇబ్బందేం రాలేదు. రెజ్యుమెలోని అక్షరాల్ని చదివి పేరు, ఫోన్ నంబరు, కంపెనీలు, తేదీలు తన గడుల్లో నింపుకుంటుంది. రిక్రూటర్ ఏ మాట కొట్టి వెతికితే ఆ మాట ఉన్నవాళ్లని చూపిస్తుంది. మన పీడీఎఫ్‌ని అది సరిగ్గా చదువుతుందో లేదో తెలియాలంటే Ctrl+A, Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. లైన్లు కలగాపులగంగా వస్తే దానికీ అలాగే కనబడే అవకాశం ఎక్కువ. రెండు కాలమ్‌ల టెంప్లేట్లు ఇక్కడే దెబ్బతింటాయి. అప్లై చేసిన కాసేపటికే 'సారీ' మెయిల్ వచ్చిందంటే మాత్రం రెజ్యుమెని అనుమానించకండి. ఫారంలో '30 రోజుల్లో చేరగలరా?' లాంటి ప్రశ్నకి మీరు కొట్టిన జవాబే చాలాసార్లు కారణం.

నా ప్రొఫైల్ సెర్చ్‌లో పైకే వచ్చేది. రిక్రూటర్లు చూసినట్టు పోర్టల్ చూపించేది. ఫోన్ మాత్రం వచ్చేది కాదు. ఎందుకో అర్థమైంది అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లిన రోజు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ వినబడేలా అక్కడి రిక్రూటర్ అమ్మాయి, "మేడమ్, మీరేంటి ఇలా జంప్ అవుతూనే ఉన్నారు? మీ ప్రొఫైల్ క్లయింట్‌కి పంపితే నన్ను తిడతారు" అంది. నాకంటే పదేళ్లు చిన్నది. తల కొట్టేసినట్టైంది.

నేను ఒక్క కంపెనీ కూడా మారలేదు! గచ్చిబౌలిలో ఒకే ఆఫీసు, ఒకే మేనేజరు, ఒకే పని. క్లయింట్ వాళ్లు కాంట్రాక్టు మార్చినప్పుడల్లా మా పేరోల్ మాత్రం ఒక ఏజెన్సీ నుంచి ఇంకోదానికి మారేది. అందుకని రెజ్యుమెలో 2019 జూన్ నుంచి 2020 అక్టోబర్ దాకా ఒకటి, అక్కణ్నుంచి 2022 మార్చి దాకా ఇంకొకటి, ఆ తర్వాత ఇప్పటిదాకా మూడోది అని మూడు కంపెనీలుగా కనబడేది. సాఫ్ట్‌వేర్ ఆ తేదీలన్నీ కూడి అనుభవం లెక్క సరిగ్గానే వేసింది. మనిషి కంటికి మాత్రం ఏడాదిన్నరకొకసారి పారిపోయే మనిషి కనబడింది.

అవమానం దిగమింగి, ఆమె స్క్రీన్ మీద ఇంకొకరి రెజ్యుమె తెరుస్తుంటే ఓరకంట గమనించాను. మౌస్ ముందు పేరు కింద ఉన్న హోదా దగ్గర ఆగింది. తర్వాత ఇప్పటి కంపెనీ, దాని తేదీలు, దాని ముందు కంపెనీ, దాని తేదీలు. డిగ్రీ మీద ఒక చూపు. అంతే, మూసేసింది. రాత్రుళ్లు కూర్చుని మనం చెక్కే 'ప్రొఫెషనల్ సమ్మరీ' జోలికే పోలేదు. అమెరికాలో ద ల్యాడర్స్ అనే జాబ్ సైటు రిక్రూటర్ల కంటి కదలికల్ని కొలిచి, మొదటి చూపు సగటున 7.4 సెకన్లే అని 2018లో చెప్పింది. నాకు ఆ 7.4 కూడా దక్కలేదని నా నమ్మకం.

ఇంటికొచ్చి ముఖ్యంగా మార్చింది ఒక్కటే. మూడు ముక్కల్ని ఒకే పేరాగ్రాఫ్ చేశాను. పైన బోల్డ్‌లో 'సీనియర్ ఎగ్జిక్యూటివ్, అకౌంట్స్ పేయబుల్', పక్కన క్లయింట్ పేరు, కుడి చివర 'జూన్ 2019 – ఇప్పటివరకు'. దాని కింద చిన్న అక్షరాల్లో 'థర్డ్ పార్టీ పేరోల్:' అని మూడు ఏజెన్సీల పేర్లూ, ఒక్కోదాని తేదీలూ. ఏజెన్సీల పేర్లు ఎగరగొట్టమని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. అస్సలు చేయకండి. యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో పీఎఫ్ కట్టింది ఆ ఏజెన్సీలే అని ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. హోదా కింద మొదటి లైన్‌లో నెలకి ఎన్ని ఇన్వాయిస్‌లు చూస్తానో అంకెల్లో రాశాను. చూపు ఇంకొక్క క్షణం అక్కడ ఆగితే అంకె కంటికి తగులుతుంది.

పని అదే, అనుభవం అదే, సెర్చ్‌లో దొరికే మాటలూ అవే. ఆ వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. మొదట పిలిచినాయన "ఒకే చోట ఇంతకాలం ఉన్నారు, ఇప్పుడెందుకు మారుతున్నారండీ?" అని అడిగాడు. నవ్వాపుకోలేకపోయాను.

ఇప్పుడు వెరిఫికేషన్ నడుస్తోంది. మొదటి ఏజెన్సీ రిలీవింగ్ లెటర్ ఇవ్వనే లేదు, వాళ్ల హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడు. చివరి పేస్లిప్పూ, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ స్క్రీన్‌షాటూ పంపితే కొత్త కంపెనీ వాళ్లు ప్రస్తుతానికి సరేనన్నారు.