ఆయన డబ్బాలో మిగిలిన బిళ్ళలు

మా వారికి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక తొమ్మిదేళ్లు బతికారు. ఆ తొమ్మిదేళ్లూ రాత్రి భోజనం కాగానే స్టీలు డబ్బా తీసి, 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ళ చేతిలో పెట్టింది నేనే. గుండె ఆయన్ని మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. పోయింది కాలేయంలో వచ్చిన కాన్సర్‌తో. సంవత్సరీకం అయ్యాక ఆ డబ్బా సర్దుతుంటే నాలుగు షీట్లు మిగిలి కనిపించాయి. పారేయబుద్ధి కాలేదు. నాకు 64 ఏళ్లు, బీపీ తప్ప ఇంకేం లేదు. ఆయన గుండెను కాచిన బిళ్ళ నా గుండెను కాయదా అనుకుని, ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయమని తోచలేదు.

నాలుగు షీట్లూ అయిపోయాక మందుల షాపుకి వెళ్లాను. చీటీ అడగలేదు సరికదా, కౌంటరు దగ్గర కుర్రాడు, "రక్తం పల్చబడే బిళ్ళే కదమ్మా, అరవై దాటితే అందరికీ మంచిదే" అన్నాడు. అదే చేత్తో మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ కూడా ఇచ్చాడు. రెండూ ఒకే కవర్లో వేశాడు. ఆ కవరు ఇప్పటికీ కళ్లముందు ఆడుతుంది. నన్ను నేను తిట్టుకోవడం అయిపోయాక అతన్ని తిట్టుకుంటాను. అతను మాత్రం అలా అన్న సంగతి ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు.

రెండో నెల చివరికి నీరసం మొదలైంది. మేడ మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసం. వీధి చివర డాక్టరు గారు కనురెప్ప దించి చూసి, "రక్తం తక్కువగా ఉందమ్మా" అని ఐరన్ బిళ్ళలు రాశారు. ఇంకేం మందులు వాడుతున్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రక్తం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మా ఇద్దరికీ రాలేదు. ఐరన్ వాడితే విరేచనం నల్లగా అవుతుందని మాత్రం చెప్పారు. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది. వారం తర్వాత నిజంగానే నల్లగా అయితే, బిళ్ళ బాగా పనిచేస్తోందని సంతోషించాను.

ఐరన్ వల్ల వచ్చే నలుపు వేరు, రక్తం వల్ల వచ్చే నలుపు వేరు. రక్తం వల్ల వచ్చేది తారులా జిగటగా, మెరుస్తూ ఉంటుంది. రెండు చెంబుల నీళ్లు పోసినా బేసిన్‌కి అంటుకునే ఉంటుంది. వాసన మామూలు వాసన కాదు, బాత్రూం తలుపు తీస్తే వరండా దాకా వస్తుంది. కడుపులో కారిన రక్తం అక్కడి ఆమ్లంలో, పేగుల్లో మారి అలా అవుతుందట. నాలుగు రోజులు ఆ వాసన పీలుస్తూ కూడా నేను ఫినాయిల్ పోసుకుంటూ కూర్చున్నాను.

అయిదో రోజు రాత్రి మూడింటికి లేచాను. బాత్రూంలో నిలబడగానే చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి. పడడం గుర్తులేదు. తెలివి వచ్చేసరికి చెంప కింద తడి గచ్చు చల్లగా తగులుతోంది, ఒళ్లంతా చెమట, గుండె దడదడమంటోంది. గుండెపోటే అనుకున్నాను. గుండె కోసమే కదా బిళ్ళ వేసుకుంటున్నా అని కూడా అనుకున్నాను. అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు. ఫోను మంచం మీద ఉంది. చెంబుతో పైపుని కొట్టడం మొదలుపెట్టాను. ఎంతసేపు కొట్టానో తెలియదు. వైకుంఠపురం వెంకన్నకి ఏమేం మొక్కానో అదీ పూర్తిగా గుర్తులేదు, గుర్తున్నంత వరకు తీర్చాను. పైవాటా అమ్మాయి దిగి వచ్చి, "పిన్నిగారూ, తలుపు తీయండి" అని అరిచి, తీయలేకపోతే వాళ్లాయన చేత గడియ విరగ్గొట్టించింది. 108లో గుంటూరు దాకా నా చెయ్యి వదల్లేదు. కన్నకూతురున్నా అంతకంటే చేసేది కాదు.

ఆస్పత్రిలో బీపీ 80, హిమోగ్లోబిన్ 6.4. రెండు సీసాల రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీ చేశారు, కడుపులో పుండు మీద తెరుచుకున్న రక్తనాళానికి సూదిమందు ఇచ్చి క్లిప్పు వేశారు. ఇవన్నీ గబగబా జరిగిపోయాయి. గుచ్చుకున్నది డ్యూటీ డాక్టరమ్మ ప్రశ్న ఒక్కటే: "ఆస్పిరిన్ ఎవరు వేసుకోమన్నారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. మా ఆయన డబ్బా అని ఎలా చెప్పను?

నాలుగో రోజు పెద్ద డాక్టరు గారు మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ పది నిమిషాలకీ ఆయనకి రుణపడి ఉంటాను. ఆస్పిరిన్ రక్తాన్ని పల్చన చేయదట. గడ్డకట్టడానికి ఒకదానికొకటి అతుక్కునే ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వదట. ఒకసారి దెబ్బతిన్న ప్లేట్‌లెట్ చచ్చేదాకా, అంటే ఎనిమిది, పది రోజులు, అలాగే ఉంటుంది. కాబట్టి నిన్ననే మానేసినా లాభం వెంటనే రాదు. రెండోది, కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాచే పదార్థాన్ని కూడా అది తగ్గిస్తుంది. కోటింగ్ ఉన్న బిళ్ళే కదండీ అన్నాను. ఆ పని రక్తంలో కలిశాక కూడా జరుగుతుంది, కోటింగ్ ఆపలేదన్నారు. దానికి నొప్పి బిళ్ళ తోడైంది. పుండు దగ్గర హెచ్. పైలోరీ అనే క్రిమి కూడా దొరికింది. మూడూ కలిసి నన్ను పడేశాయి.

మరి మా ఆయనకి ఎందుకు పడింది అని అడిగాను. "ఆయనకి రక్తనాళం ఒకసారి మూసుకుపోయింది, లోపల స్టెంట్ ఉంది. మళ్లీ మూసుకుపోయే ప్రమాదం పెద్దది. దాని ముందు రక్తస్రావం భయం చిన్నది. మీకు మొదటి ప్రమాదమే చిన్నది. దాన్ని తగ్గించుకుని మిగుల్చుకునేది కొంచెం, పోగొట్టుకునేది ఎక్కువ" అన్నారు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండెజబ్బు లేని 19 వేల మంది పెద్దవాళ్లకి, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లే, దాదాపు అయిదేళ్లు ఇచ్చి చూశారట. 2018లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు, పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్లలో వెయ్యికి 28 అయితే, ఆస్పిరిన్ వాళ్లలో 38. అరవై దాటిన, గుండెజబ్బు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టొద్దని 2022లో అమెరికా నిపుణుల బృందం కూడా చెప్పిందన్నారు. నలభై, యాభైల్లో ఉండి ప్రమాదం ఎక్కువున్నవాళ్ల సంగతి డాక్టరు కూర్చుని లెక్కలేసి తేల్చాల్సిందే.

ఇంటికొచ్చాక చుట్టాలందరికీ ఫోన్ చేసి ఆస్పిరిన్ని శాపనార్థాలు పెట్టాను. అసలు భయం అప్పుడు మొదలైంది. వారం తర్వాత మా తమ్ముడు ఫోన్ చేసి, "నువ్వు చెప్పాక నేనూ మానేశానక్కా" అన్నాడు. వాడికి స్టెంట్ వేసి అయిదు నెలలే! నా చేతులు చల్లబడ్డాయి. వాడు మానేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టొచ్చు, అది బాత్రూంలో పడడంతో పోయేది కాదు. వెంటనే వాడి గుండె డాక్టరుకి ఫోన్ చేయించాను. ఆయన వాడిని, ఆ పక్కనే నన్ను, సమానంగా చీవాట్లు పెట్టారు. ఆ పూటే మళ్లీ మొదలుపెట్టించి, కడుపులో ఆమ్లం తగ్గడానికి పొద్దున్నే పరగడుపున పాంటోప్రజోల్ కూడా రాశారు. నొప్పి బిళ్ళలు తనని అడక్కుండా ముట్టొద్దన్నారు.

మా ఆయన డబ్బాలో ఇప్పుడు గుండీలు, సూదులు పెట్టుకున్నాను. రాత్రి అన్నాలయ్యే వేళకి తమ్ముడికి ఫోన్ చేస్తాను. వేసుకున్నానక్కా అంటే నమ్మను. రేకు చిట్లిన చప్పుడు చెవిన పడేదాకా ఫోను పెట్టను.