బ్రేకు తొక్కకుండానే ఆరిపోయే క్రూయిజ్ లైటు: నా అనుభవం

నెలల తరబడి నన్ను విసిగించిన సమస్య నిన్న తీరింది. ఆ కోపం, ఈ ఊరట రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను.

మాది బరంపురం. అమ్మ టెక్కలిలో ఉంటుంది కాబట్టి 16వ నంబరు జాతీయ రహదారి మీద నేను ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్తుంటాను. ఇచ్ఛాపురం దాటాక 80 దగ్గర క్రూయిజ్ పెట్టుకుంటే కాలికి హాయి. యాక్సిలరేటర్ తొక్కకుండానే కారు అదే వేగంతో పోతుంది, బ్రేకు తొక్కితే మాత్రం క్రూయిజ్ ఆగిపోతుంది. అలాంటిది, మీటర్లో పచ్చగా వెలిగే క్రూయిజ్ గుర్తు దానంతటదే ఆరిపోవడం మొదలైంది. కారు వేగం తగ్గిపోయేది, వెనక లారీవాడు హారన్ కొట్టేవాడు. పాత వేగాన్ని తిరిగి తెచ్చే RES బటన్ నొక్కితే మళ్లీ 80 పట్టుకునేది.

ఆ చివరి మాటే ముఖ్యం. సిస్టమ్‌లోనే లోపం ఉంటే చాలా కార్లలో క్రూయిజ్ మళ్లీ పెట్టనివ్వదు, ఇంజిన్ లైటో ఇంకో హెచ్చరికో కూడా వెలుగుతుంది. చక్రం జారి ఆగితే జారే కారు బొమ్మ మినుకుమంటుంది. వేగం బాగా పడిపోయినా, క్లచ్ తొక్కినా ఆగుతుంది. నా విషయంలో ఇవేవీ లేవు. RES వెంటనే పనిచేస్తోందంటే సిస్టమ్ బాగానే ఉంది, ఎవరో దానికి "బ్రేకు తొక్కారు" అని అబద్ధం చెబుతున్నారన్నమాట.

ఇదంతా సర్వీస్ సెంటర్లో చెప్పాను. అడ్వైజర్ సగం విని, "తెలియకుండా కాలు తగులుతుంది మేడమ్, లేడీస్‌కి హీల్స్‌తో అలా అవుతుంటుంది" అన్నాడు. నా కాళ్లకున్నవి రబ్బరు చెప్పులు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. "సార్‌ని ఒకసారి తీసుకురండి, ఆయనతో టెస్ట్ డ్రైవ్ వేస్తాం" అన్నాడు. మా ఆయనకి డ్రైవింగే రాదు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో స్టీరింగ్ పట్టేది నేనే. ఊళ్లో నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చి "ప్రాబ్లం రాలేదు" అని రాసి, సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. అప్పుడు మాట మార్చి, స్టీరింగ్ మీది స్విచ్‌లు, ఆ స్విచ్‌లని కారు వైర్లతో కలుపుతూ దాని కింద ఉండే స్పైరల్ కేబుల్ మార్చాలని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆ కేబుల్ పోతే హారన్, పాటల బటన్లు కూడా ఇబ్బంది పెడతాయి, స్టీరింగ్ తిప్పినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. నాకు తిన్నని రోడ్డు మీదే ఆగుతోంది, హారన్ బ్రహ్మాండంగా మోగుతోంది. అది చెబితే "మీకు తెలిస్తే మీరే చేసుకోండి" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేకపోయాను.

ఆ తర్వాతి ప్రయాణంలో గమనిస్తే, ఎక్కువసార్లు వంతెనల జాయింట్ల మీద కారు దడదడలాడినప్పుడే లైటు ఆరుతోంది. తమ్ముడిని వేరే కారులో వెనక రమ్మన్నాను. డ్రైవరు నడుపుతుంటే వాడు పక్క సీట్లో కూర్చుని వీడియో తీశాడు. బాహుదా వంతెన మీద, నా కాలు బ్రేకుకి దూరంగా ఉండగానే, వెనక ఎర్రలైట్లు ఒక్క క్షణం వెలిగి ఆరాయి. అదే క్షణంలో క్రూయిజ్ పోయింది. క్లచ్ స్విచ్ తప్పయితే బ్రేకు లైట్లు వెలగవు. కాబట్టి దోషం బ్రేకు పెడల్ దగ్గరే.

పాత బస్టాండు వైపున్న ఓ మెకానిక్ వీడియో చూడగానే, "అక్కా, ఇంజిన్ ఆపి పెడల్ని వేలితో తాకండి" అన్నాడు. వేలి బరువుకే లైట్లు వెలిగాయి. పెడల్ పైన, డాష్ కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కాలు తీసినప్పుడు పెడల్ వెనక్కి వచ్చి ఆ స్విచ్ పుల్లని లోపలికి నొక్కి ఉంచాలి. పెడల్ మీద ఆ పుల్ల తగిలే చోట ఉండే ప్లాస్టిక్ బిళ్ల అరిగి సగమైంది. అందుకే కుదుపుకి పుల్ల కాస్త బయటికొచ్చి, బ్రేకు తొక్కినట్టే కంప్యూటర్‌కి కబురు పోతోంది. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి పెడల్ని తట్టి చూపించాడు: బ్రేకు స్విచ్ గడిలో OFF కాస్తా ON అయి మళ్లీ OFF అయింది. బిళ్ల మార్చి, స్విచ్ సరిచేయడానికి టీ తాగినంతసేపు పట్టింది. ఆ ఎస్టిమేట్‌లో వందో వంతు కూడా కాలేదు.

మీకూ ఇలా ఆగుతుంటే, ముందు ఎక్కడ ఆగుతోందో రాసుకోండి, వెనక లైట్లు వెలుగుతున్నాయేమో ఎవరిచేతనైనా చూపించండి. స్కానర్లో బ్రేకు స్విచ్ గడి చూపించకుండా స్టీరింగ్ భాగాలు మార్చాలనే వాళ్లకి తాళం ఇవ్వకండి. దీన్ని క్రూయిజ్ సుఖం మాటగా వదిలేయకూడదు కూడా. తొక్కని బ్రేకుకి లైటు వెలిగితే వెనక లారీవాడు కంగారుపడతాడు. ఆ బిళ్ల పూర్తిగా రాలిపోతే లైట్లు వెలుగుతూనే ఉండి రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంది. మార్చాక పెడల్‌ని కొద్దిగా తొక్కగానే లైట్లు వెలుగుతున్నాయో, వదలగానే ఆరుతున్నాయో అక్కడే నిలబడి చూసుకోండి. స్విచ్‌ని మరీ ముందుకి బిగిస్తే లైట్లు ఆలస్యంగా వెలుగుతాయి, అది ఇంకా ప్రమాదం.