నాణేలు పెంచితే లోలకం నెమ్మదిస్తుందా? తరగతిలో తేల్చిన తీరు: నా అనుభవం

ఏడో తరగతి పిల్లలను లోలకం గురించి అడిగితే, బరువు పెంచితే అది వేగంగా ఊగుతుందని కొందరు, నెమ్మదిగా ఊగుతుందని మరికొందరు అంటారు. తేడా ఏమీ ఉండదని చెప్పేవారు అరుదు. ఈ ప్రశ్నను దారంతో, నాణేలతో పిల్లలే తేల్చుకోవాలని నేను నిర్ణయించుకున్నాను. ప్రయోగం చూడటానికి సులువుగానే ఉంటుంది కానీ, నాణేలను ఎలా కట్టామన్న ఒక్క విషయం మీద జవాబు మొత్తం తారుమారు కావచ్చు.

బల్ల అంచుకు ఒక స్కేలును గట్టిగా టేపుతో అంటించి, దాని కొన బయటికి వచ్చేలా ఉంచాము. దారాన్ని స్కేలు మీద వదులుగా వేలాడదీస్తే ముడి జారి, ఊగుతున్నకొద్దీ పొడవు మారిపోతుంది. అందుకే ముడిని కూడా టేపుతో బిగించాము. రెండో కొనకు నాణేన్ని టేపుతో అంటించి, ముడి నుంచి నాణెం మధ్యభాగం వరకు 50 సెంటీమీటర్లు ఉండేలా సరిచేశాము. దారం చివరి వరకు కాకుండా నాణెం మధ్య వరకు కొలవమని పట్టుబట్టడానికి కారణం పిల్లలకు ఆ తర్వాత తెలిసింది.

ఒక్క డోలనాన్ని, అంటే లోలకం ఒకసారి వెళ్లి తిరిగి రావడాన్ని, స్టాప్‌వాచ్‌తో కొలిస్తే నమ్మలేము. చేయి నొక్కడంలోనే దాదాపు సెకనులో ఐదో వంతు తేడా వస్తుంది. 20 డోలనాల కాలాన్ని కొలిచి భాగిస్తే ఆ తేడా 20 డోలనాల మధ్య పంచుకుపోతుంది. లెక్కించేటప్పుడు, లోలకాన్ని వదిలిన క్షణాన్ని 'సున్నా' అనాలి. 'ఒకటి' అని మొదలుపెట్టిన జట్టుకు 27 సెకన్లు వచ్చాయి, మిగతావారికి 28.4 వచ్చాయి. ఆ 1.4 సెకన్ల తేడా ఒక డోలనానికి పట్టే కాలానికి సరిగ్గా సమానం కాబట్టి, పొరపాటు గడియారంలో కాక లెక్కలోనే జరిగిందని ఆ పిల్లలే గుర్తించారు.

అసలు చిక్కు నాలుగు నాణేలతో వచ్చింది. కొన్ని జట్లకు మళ్లీ 28.4 సెకన్లే వచ్చాయి. ఒక జట్టుకు మాత్రం 29.5 వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే రావడంతో, బరువు పెరిగితే లోలకం నెమ్మదిస్తుందని వారు గట్టిగా వాదించారు. వారి కొలతలో తప్పు లేదు; తేడా నాణేల అమరికలో ఉంది. మొదటి జట్లు నాణేలను ఒకదాని ముఖానికి మరొకటి ఆనించి దొంతరగా అంటించాయి. ఈ జట్టు వాటిని ఒకదాని కింద ఒకటిగా గొలుసులా వేలాడదీసింది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నాణేలు అలా పేరిస్తే చివరిదాని మధ్యభాగం 57.5 సెంటీమీటర్ల దగ్గరకు దిగిపోతుంది. బరువుతో పాటు లోలకం పొడవు కూడా పెరిగి, అది సుమారు 54 సెంటీమీటర్ల లోలకంలా ఊగుతుంది. అదే నాలుగు నాణేలను దొంతరగా మార్చి, మధ్యభాగం 50 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా చూసి మళ్లీ కొలిస్తే, ఆ జట్టుకూ 28.4 సెకన్లే వచ్చాయి. ఒకేసారి రెండు అంశాలు మారితే ఫలితానికి కారణమేదో చెప్పలేమన్నది ఆ గొలుసును చూపించాక నేను విడిగా వివరించనవసరం లేకపోయింది.

ఊపు క్రమంగా తగ్గడం పిల్లలను ఇబ్బంది పెట్టింది. గాలి నిరోధమూ, ముడి దగ్గర దారం వంగడంలో కలిగే ఘర్షణా ఊపును తగ్గిస్తాయి. ఊపు చిన్నదైతే లోలకం తక్కువ దూరం వెళుతుంది, కాబట్టి త్వరగా తిరిగి రావాలి కదా అని ఒక అమ్మాయి అడిగింది. ఊపు తగ్గితే వేగమూ దాదాపు అదే పాళ్లలో తగ్గుతుంది కనుక కాలం మారదని చెప్పి, మొదటి పది డోలనాలనూ తర్వాతి పది డోలనాలనూ విడివిడిగా కొలిపించాను. గుర్తించదగ్గ తేడా రాలేదు. అయితే ఈ నియమం చిన్న ఊపులకే సరిపోతుంది. గెలీలియో 1602లో రాసిన లేఖలో పెద్ద ఊపుకూ చిన్న ఊపుకూ ఒకే కాలం పడుతుందని వాదించాడు కానీ, దారాన్ని నిలువు నుంచి 60 డిగ్రీల వరకు లాగి వదిలితే ఒక డోలనానికి సుమారు 7 శాతం ఎక్కువ కాలం పడుతుంది. అందుకే 10 డిగ్రీలకు మించి లాగవద్దని పిల్లలకు ముందే చెప్పాను.

చివరగా పొడవును మార్చాము. 25 సెంటీమీటర్లకు 20 డోలనాల కాలం సుమారు 20 సెకన్లు వచ్చింది. మీటరు పొడవుకు ఎంత వస్తుందో కొలవకముందే రాయమన్నాను. పొడవు నాలుగు రెట్లయింది కాబట్టి చాలామంది 80 అని రాశారు. దారాన్ని వేలాడదీసి కొలిస్తే 40 సెకన్లు వచ్చాయి. కాలం రెట్టింపు కావాలంటే పొడవు నాలుగు రెట్లు కావాలని, 50 సెంటీమీటర్ల కొలత ఆ రెండింటి మధ్య 28.4 దగ్గర ఎందుకుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుందని పట్టిక చూసి వారే చెప్పారు.