అరలీటరు పాలలో ఎంత వెన్న ఉంది?

పోయిన ఏడాది రక్తపరీక్షలో నా చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 162 వచ్చింది. బరువు కూడా ఉండవలసిన దానికన్నా తొమ్మిది కిలోలు ఎక్కువ. మూడు నెలలు ఆహారం మార్చి చూద్దామని, అప్పటికీ తగ్గకపోతే మాత్రలు మొదలుపెడదామని డాక్టరు గారు అన్నారు. నన్ను పోషకాహార నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ వేపుళ్ల గురించి అడుగుతారని అనుకుంటూ వెళ్లాను. ముందుగా పాల గురించే అడిగారు.

మా ఇంట్లో వాడేది ఫుల్ క్రీమ్ పాలు. రెండు కాఫీలు, రెండు పూటలా పెరుగు కలిపి నా వంతుకు రోజుకు అరలీటరు పడుతుంది. "ప్యాకెట్ మీద వెన్నశాతం ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. చూడలేదు. ఫుల్ క్రీమ్ అంటే కనీసం 6 శాతం, అంటే అరలీటరులో 30 గ్రాముల కొవ్వు. పాల కొవ్వులో దాదాపు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే పనిని కాలేయంలో మందగింపజేసేది అదే. పాలలో నేరుగా ఉండే కొలెస్ట్రాల్ కొద్దిపాటిదే, అసలు చూసుకోవలసింది ఈ కొవ్వునే. నాకు రోజు మొత్తానికి ఆవిడ పెట్టిన సంతృప్త కొవ్వు పరిమితి 14 గ్రాములు. నా పాలలోనే 19 దాకా ఉంది!

"నేను మీగడ తీసేస్తాను కదండీ" అన్నాను.

"తీసిన మీగడ ఎక్కడికి పోతోంది?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. గిన్నెలో దాచి, వారానికోసారి చిలికి నెయ్యి కాస్తాను. ఆ నెయ్యి నా పప్పన్నంలోకే వస్తుంది.

ఆ వారం నెయ్యిని తూకం వేశాను. ఏడు లీటర్ల పాల మీగడకు 140 గ్రాముల నెయ్యి వచ్చింది. ఆ ఏడు లీటర్లలో ఉండే కొవ్వు 420 గ్రాములు. చిలికిన మజ్జిగలో కొంత పోయిందనుకున్నా, సగానికి పైగా కొవ్వు పాలలోనే ఉండిపోయినట్టు. ఇక హోమోజినైజ్ చేసిన పాలయితే కొవ్వు బిందువులు చిన్నచిన్నగా చితికిపోయి ఉంటాయి కాబట్టి మీగడ ఇంకా తక్కువ కడుతుంది. మీగడ తీసేసి, తక్కువ కొవ్వు పాలు తాగుతున్నానని ఇన్నేళ్లూ నమ్మాను. గిన్నె అడుగున నెయ్యి చూసిన ఆ రోజు నిజంగా బాధేసింది.

మొదటి నెల టోన్డ్ పాలు వాడాను. అందులో కొవ్వు 3 శాతం, అంటే నా లెక్క సగానికి దిగింది. కాఫీలో తేడా నాలుగైదు రోజులు తెలిసింది, తర్వాత అలవాటైపోయింది. రెండో నెల ఉత్సాహం కొద్దీ ఏకంగా స్కిమ్డ్ పాలకు వెళ్లాను. వాటిలో కొవ్వు అర శాతానికి మించదు. కాఫీ పల్చగా, నీలిగా అనిపించింది. ఆ వెలితి పూడ్చుకోవడానికి తెలియకుండానే కప్పుకు ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసుకోసాగాను. పెరుగు నీళ్లు వదిలేది. రెండు వారాల తర్వాత లెక్క వేసి చూశాను. 1.5 శాతం కొవ్వుండే డబుల్ టోన్డ్‌కూ స్కిమ్డ్‌కూ నా అరలీటరు మీద తేడా 5 గ్రాముల కొవ్వు, అంటే 45 కేలరీలు. రెండు చెంచాల చక్కెర 40 కేలరీలు. కేలరీల్లో నాకు మిగిలినది దాదాపు ఏమీ లేదు. పైగా చక్కెర ఎక్కువైతే రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి.

అందుకే డబుల్ టోన్డ్ దగ్గర ఆగాను. చక్కెర లేకుండా స్కిమ్డ్ పాలు ఇష్టంగా తాగగలిగేవారికి అవే మేలు, నాకు కుదరలేదు. మాంసకృత్తులు, కాల్షియం ఏ పాలలోనైనా ఇంచుమించు అంతే ఉంటాయి కనుక ఆ బెంగ అక్కర్లేదు. పెరుగు కోసం పాలను సన్నని సెగ మీద పది నిమిషాలు ఎక్కువ మరిగించి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేటప్పుడు తోడు వేస్తున్నాను. గట్టిగానే తోడుకుంటోంది.

30 గ్రాముల నుంచి ఏడున్నరకు దిగడం అంటే రోజుకు దాదాపు 200 కేలరీలు తగ్గినట్టు. మూడు నెలలకు రెండున్నర కిలోలు తగ్గాను, ఎల్‌డీఎల్ 141కి వచ్చింది. నెయ్యి కూడా దాదాపు మానేశాను కాబట్టి ఇదంతా పాల వల్లే అనను. 141 కూడా ఇంకా ఎక్కువే. డాక్టరు గారు మరో మూడు నెలలు చూద్దామన్నారు, మాత్రల మాట మాత్రం కొట్టిపారేయలేదు.

ఇంట్లో అందరికీ ఈ పాలే పోయబోతే నిపుణురాలు ఆపారు. మా అత్తయ్యకు 74 ఏళ్లు, బక్కగా ఉంటారు, అన్నం సరిగా తినరు. ఆవిడకు పాలలోని కొవ్వు కావాలి. "నా కోసం వేరే ప్యాకెట్ ఎందుకమ్మా?" అని అత్తయ్య మొహమాటపడ్డారు. ఇప్పుడు రోజూ రెండు గిన్నెల్లో పాలు కాస్తున్నాను. ఆవిడ గిన్నెలోని మీగడ ఆవిడ పెరుగులోకే వెళుతుంది.