ఫ్యాన్ గొడవ

పాప పుట్టిన మొదటి ఏడాది మా ఇంట్లో గొడవలు ఎక్కువగా ఫ్యాన్ దగ్గరే మొదలయ్యేవి. డిసెంబర్‌లో నేను వేయమనేదాన్ని, మే నెలలో ఆపమనేదాన్ని. రెండుసార్లూ ఇంట్లో వాళ్ళకి నా మీద ఒకటే అనుమానం, కావాలనే సాధిస్తున్నానని.

మాది మేనరికం. బావ పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. విజయనగరంలో రెండు గదుల అద్దె ఇల్లు, ఫ్యాన్ సరిగ్గా తిరిగేది ఒక గదిలోనే. ఆగస్టులో బొబ్బిలిలో పుట్టింట్లో నాకు పురుడైంది. ఆపరేషన్, కుట్లు, కాయం ముద్దలు, సాంబ్రాణి పొగ అందరికీ జరిగినట్టే జరిగాయి. మూడో నెల దాటాక పాపని తీసుకుని వచ్చేశాను.

వచ్చాక నాకు నిద్ర పట్టడం మానేసింది. పాప లేపుతోందని కాదు. పాప హాయిగా పడుకున్న గంటల్లో కూడా నేను కళ్ళు తెరుచుకునే ఉండేదాన్ని. పాప నోట్లో విటమిన్ చుక్కలు వేద్దామంటే చెయ్యి వణికి చుక్క బుగ్గ మీద పడేది. చలికాలంలో జాకెట్టు తడిసేలా చెమట. రోజూ మూడు పూటలా తింటున్నా బట్టలు వదులైపోయాయి. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం "పురుడైనట్టే లేదమ్మా, భలే సన్నబడ్డావు" అని మెచ్చుకునేవారు. నేను ఫ్యాన్ వేస్తే అత్త ఆపేసేది. "గుంటకి జలుబు చేస్తాదే" అనేది. ఆ మాటా నిజమే.

బావ నైట్ డ్యూటీ చేసి పొద్దున్న వచ్చి పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే పాప ఏడుస్తుంది, కుక్కర్ కూస్తుంది. "గిన్నెలు కొంచెం మెల్లగా తోమవే" అని మంచం మీంచే కేకేసేవాడు. నేను ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని. డ్యూటీ చేసినవాడికి పడుకునే హక్కు ఉంది, ఎవరూ కాదనరు. రాత్రంతా పాలిచ్చినదాన్ని డ్యూటీ చేసినట్టు లెక్కెయ్యరు, అదే నా బాధ.

ఆ రాత్రి బావ సెకండ్ షిఫ్టు నుంచి పదకొండు దాటాక వచ్చాడు. సింకులో గిన్నెలు, మంచం మీద మడత పెట్టని పాప గుడ్డల గుట్ట. "పొద్దుటి నుంచి ఏటి చేశావు?" అన్నాడు. అంతే. నేను అరిచాను, తనూ అరిచాడు, పాప లేచింది. పాపని ఎత్తుకోబోతే గుండె గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలైంది. చేతులు పట్టు తప్పాయి. పాప జారిపోతుందని మంచం మీద పడుకోబెట్టేసి నేల మీద కూర్చున్నాను. గుండె ఆగిపోతుందేమో, పాలు తాగే పిల్లని వదిలేసి పోతానేమో అనిపించింది. అత్త పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది. బావ పక్కింటి ఆటో అబ్బాయిని లేపాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఈసీజీ తీశాడు. నాడి నిమిషానికి 128. ఏమైందని అడిగితే అత్త ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఇద్దరూ గొడవపడ్డారని. ఆయన నవ్వి "మొగుడూ పెళ్ళాల తగువుకి ఈసీజీ ఎందుకమ్మా, ఇంటికెళ్ళి సర్దుకోండి" అన్నాడు. చీటీ మీద టెన్షన్ అని రాసి నిద్రమాత్ర ఇచ్చాడు. పాలిస్తున్నావా అని కూడా అడగలేదు. రక్త పరీక్ష ఒక్కటి రాసి ఉంటే ఆరోజే తేలిపోయేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ చీటీ మా ఇంట్లో తీర్పు కాగితమైపోయింది. నేనేం అన్నా "డాక్టరే చెప్పాడు కదా, టెన్షన్" అనేవారు.

సంక్రాంతి దాటాక దడ దానంతట అదే తగ్గింది. తగ్గిందని సంతోషించేలోపు ఒళ్ళు బరువెక్కింది. ఈసారి ఎంత పడుకున్నా నిద్ర చాలదు. తల దువ్వితే జుట్టు కుచ్చులుగా వచ్చేది, చర్మం పొడిబారింది, గొంతు బొంగురుపోయింది. మే నెల ఎండల్లో నాకు చలి! బావకేమో పగటి నిద్రకి ఫ్యాన్ అయిదు మీద తిరగాలి. నేను ఆపేస్తే లేచి వేసేవాడు, నేను మళ్ళీ ఆపేదాన్ని. "అప్పుడు వెయ్యమని ఏడిచావు, ఇప్పుడు ఆపమని ఏడుస్తున్నావు" అన్నాడు. జబ్బు వివరమంతా ఆ మాటలోనే ఉందని మాకెవరికీ తట్టలేదు.

తట్టింది సచివాలయం ఏఎన్ఎమ్ గారికి. తొమ్మిది నెలలు నిండాయని పాపకి ఎమ్మార్ టీకా వేయించడానికి తీసుకెళ్ళాను. టీకా వేసి, కార్డు మీద రాస్తూ నా వైపు చూశారు. "ఈ ఎండలో శాలువా కప్పుకున్నావేటమ్మా? ముఖమూ ఉబ్బింది. గొంతు ఎప్పటినుంచి ఇలా ఉంది?" నేను చెప్పుకుపోయాను. అంతా విని "వెంటనే థైరాయిడ్ టెస్టు చేయించుకో, ఊరుకోకు" అన్నారు. ఆవిడ చల్లగా ఉండాలి.

థైరాయిడ్ హార్మోన్ తగ్గేకొద్దీ టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. అది నాలుగైదు లోపు ఉండాల్సింది, నాకు 62 వచ్చింది. ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "దీనికి ముందు కొన్నాళ్ళు దడ, చెమటలు వచ్చాయా?" అని. బావ నా వైపు చూశాడు.

ఆవిడ చెప్పిందాని ప్రకారం, ఇది పురుడయ్యాక వచ్చే థైరాయిడ్ వాపు, పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్ అంటారు. కడుపుతో ఉన్నప్పుడు అణిగి ఉన్న రోగనిరోధక శక్తి పురుడయ్యాక మళ్ళీ పుంజుకుంటుంది. కొందరిలో అది సొంత థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. గ్రంథి వాచి, దాచుకున్న హార్మోన్ అంతా రక్తంలోకి వచ్చేస్తుంది. దడ, వణుకు, నిద్ర పట్టకపోవడం అప్పుడే. కొన్ని వారాలకో నెలలకో నిల్వ అయిపోతుంది. అప్పుడు చలి, నీరసం, మందగొడితనం. మెడలో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ అటు చూడరు. బాలింత అలసటే అనుకుంటారు. కొందరికి రెండు దశల్లో ఒకటే వస్తుందట.

50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున వేసుకుని, గంట ఆగి కాఫీ తాగాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి, లేకపోతే ఒంటికి పట్టదు. పాలివ్వడం ఆపక్కర్లేదు. ఆరేడు వారాలకోసారి పరీక్ష చేసి మోతాదు సరిచేశారు. రెండో పరీక్షకల్లా గొంతు బాగుపడింది, శాలువా పెట్టెలోకి వెళ్ళింది. అత్త నన్ను వెంటబెట్టుకుని మూడు లాంతర్ల దగ్గర చదురుగుడికి వెళ్ళి మొక్కు తీర్చింది. ఏఎన్ఎమ్ గారి చేత ఆ మాట పలికించింది అమ్మవారేనని అత్త నమ్మకం. నేనూ కాదనను.

కానీ ఒక్క విషయం రాయాలి. జబ్బు పేరు తెలిశాక బావకి కొత్త ఆయుధం దొరికింది. గిన్నెల మాటెత్తితే "మాత్ర వేసుకున్నావా?" అనేవాడు. మాత్ర వేసుకుంటే నా టీఎస్‌హెచ్ దిగింది, సింకులో గిన్నెలు దిగలేదు. ఒకరోజు ఆ మాట డాక్టరమ్మ ముందే చెప్పేశాను. ఆవిడ బావతో "ఆమెకి ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర కావాలి, అది నా మందుల్లో లేదు, మీ దగ్గర ఉంది" అన్నారు. ఆ వారం నుంచి మొదటి షిఫ్టు ఉన్న రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి పాలిచ్చి పాపని బావకి అప్పగిస్తున్నాను. పదకొండు దాటేదాకా తేనుపు, తడిగుడ్డ, జోల అన్నీ తనవే. తర్వాత మళ్ళీ పాలకి నన్ను లేపి తను పడుకుంటాడు. నైట్ డ్యూటీ వారంలో ఇది కుదరదు. ఆ వారం అత్త పక్కలో వేసుకుంటుంది. గొడవలు ఆ వారంలోనే ఎక్కువ.

పురుడైన ఏడాదిలోపు మీ ఇంట్లో కూడా ఎవరికైనా పాప పడుకున్నా నిద్ర పట్టకపోయినా, ఎండలో చలేసినా, ముందు టీఎస్‌హెచ్ చేయించండి. ఆ పరీక్షకి రక్తం పరగడుపునే ఇవ్వాలని కూడా లేదు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ కాన్పులో రావచ్చట, ముందే డాక్టరుకి చెప్పాలి. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో గ్రంథి కోలుకుంటుంది, కొందరికి మాత్ర ఉండిపోతుంది. నాది ఏ లెక్కో ఇంకా తెలీదు. వచ్చే నెల మోతాదు తగ్గించి చూద్దామన్నారు. తగ్గించాక గిన్నెల మీద గొడవైతే దేని మీద పెడతాడో చూడాలి.