రామప్ప దారిలో ఆకాశం లెక్క

సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ నుంచి రామప్పకు వెళ్లినప్పుడు నా వెంట పదేళ్ల మేనకోడలు కూడా ఉంది. ములుగు దాటాక ఆమె బస్సు కిటికీలోంచి పైకి చూస్తూ, "మామా, సముద్రం రంగు పైన పడి ఆకాశం నీలంగ కనబడ్తదని మా దోస్తు చెప్పింది, నిజమేనా?" అని అడిగింది. భౌతికశాస్త్రం బోధించే నాకు ఈ మాట తరగతిలో తరచూ వినబడేదే. ఇక్కడికి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం, అయినా ములుగు అడవుల మీది ఆకాశం విశాఖపట్నం ఆకాశమంత నీలంగానూ ఉంటుంది కదా అంటే, ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఆ నీలం ఎక్కడిది?" అంది.

ఆ నీలం ఎండలోనే ఉందని చెప్పాను. తెల్లగా కనిపించే సూర్యకాంతిలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగాల కంటే ఎంతో చిన్నవి కాబట్టి, అవి పొడవైన ఎర్రని తరంగాలను చాలావరకు నేరుగా పోనిచ్చి, పొట్టివైన నీలి తరంగాలను ఎక్కువగా అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. 1871లో రేలీ అనే శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం నీలం ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. సూర్యుడు లేని వైపు చూసినా మన కంటికి చేరేది ఇలా చెదిరిన వెలుగే. ఊదా రంగు తరంగం ఇంకా పొట్టిది గదా, ఆకాశం ఊదాగా ఎందుకు లేదని ఆమె అడగకపోయినా నేనే చెప్పాను, ఎందుకంటే ఆ ముక్క వదిలేస్తే వివరణ సగమే అవుతుంది. సూర్యకాంతిలో ఊదా పాలు నీలం కంటే తక్కువ, మన కన్ను కూడా ఊదాను అంతగా పట్టుకోలేదు.

గుడి చూసుకొని సాయంత్రం చెరువు కట్ట మీదికి వెళ్లేసరికి పొద్దు గుట్టల మీదికి వాలి నారింజ రంగుకు తిరిగింది. ఎరుపు సంగతి అక్కడే తేల్చాలనిపించింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు దాటవలసిన గాలి కంటే, దిగంతం మీద ఉన్నప్పుడు దాటవలసిన గాలి సుమారు 38 రెట్లు ఎక్కువ. నెత్తి మీది దారి నిలువుగా తక్కువలో తెగిపోతే, సాయంత్రపు దారి గాలి పొరను ఏటవాలుగా కోసుకుంటూ వస్తుంది.

"బిడ్డా, నువ్వు వంద రూపాయలతో బయలుదేరి 38 ఊళ్లు దాటాలి, ప్రతి ఊళ్లో నీ దగ్గరున్న దాంట్లో అయిదో వంతు తీసుకుంటారనుకో, చివరికి ఎంత మిగులుతది?" అని అడిగి ఫోన్‌లో లెక్క వేయించాను. నడినెత్తి గాలి దాటేటప్పుడు నీలంలో దాదాపు అయిదో వంతు చెదిరిపోతుంది, కాబట్టి ఆమె 0.8ని 38 సార్లు హెచ్చవేసింది. వందకు రెండు పైసలు మాత్రమే మిగిలాయి. ఎరుపులో ప్రతి ఊరికీ పోయేది ఇరవయ్యో వంతే కనుక, 0.95ని అదే విధంగా హెచ్చవేస్తే పద్నాలుగు రూపాయలు మిగిలాయి. "ఎరుపు కొత్తగ వచ్చింది కాదు, మిగిలింది!" అని ఆమె తనంతట తానే అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. నిజమైన గాలిలో దుమ్ము, పొగ కూడా ఉంటాయి. వాటి పాలు రోజురోజుకూ మారుతుంది కాబట్టే ప్రతి సాయంత్రమూ ఒకే ఎరుపు ఉండదు.

బసకు చేరాక దీపాలార్పి, లీటరు నీళ్ల సీసాలో పావు చెంచా పాలు కలిపి, అడుగు నుంచి ఫోన్ టార్చి వేశాము. పక్క నుంచి చూస్తే నీళ్లు కాస్త నీలిగా, మూతి వైపు నుంచి చూస్తే టార్చి వెలుగు పసుపు కలిసిన నారింజగా కనిపించాయి. రంగు ఇంకా చిక్కగా రావాలని ఆమె మరో రెండు చెంచాల పాలు పోసేసరికి సీసా అంతా తెల్లబడి, రెండు రంగులూ పోయాయి. పాల రేణువులు ఎక్కువైతే వెలుగు బయటపడేలోపు మళ్లీ మళ్లీ చెదిరి, అన్ని రంగులూ తిరిగి కలిసిపోతాయి. అందుకని పాలను చుక్కచుక్కగానే కలపాలి. పక్క నుంచి నీలి ఛాయ కనిపించగానే ఆపాలి. మబ్బు తెల్లగా ఉండడానికి కూడా ఇదే కారణమా అని ఆమె అడిగింది. కొంతవరకు అంతేనని, అయితే మబ్బులోని నీటి బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కనుక ఒక్కొక్క బిందువూ అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడుతుందని చెప్పాను.