తెల్లబొట్లు ఎర్రబడ్డ రోజు: నేను మొదటిసారి బోనం అలంకరించిన అనుభవం

మాది పాతబస్తీలో లాల్ దర్వాజ దగ్గర ఒక గల్లీ. ఆషాఢంలో బోనాలు ముందు గోల్కొండలో మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ లష్కర్ బోనాలు, ఆ తర్వాత మా వైపు. పెళ్లయిన నాటి నుంచి అమ్మవారికి బోనం ఎత్తే కుండ అలంకరించే పని మా అత్తమ్మదే, నేను పక్కన కూర్చుని పసుపు కలిపి ఇచ్చేదాన్ని. పోయినసారి ఆమెకు మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేకపోయారు, మంచం మీద నుంచే "ఈసారి నువ్వే చెయ్యి బిడ్డా, నేను చూస్తుంటా" అన్నారు. కుండతో పాటు గల్లీలో మా ఇంటి ముందు భాగం కూడా నా మీదే పడింది.

కుండను శుక్రవారమే తెచ్చి కడిగి, రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. కొత్త మట్టికుండను పొడిగా ఉన్నప్పుడే పూస్తే పసుపులోని తడినంతా అది క్షణంలో పీల్చేసుకుంటుంది, పూత పొడిపొడిగా రాలిపోతుంది. నానబెట్టి, తుడిచి, పైన తడి ఆరి లోపల చల్లగా ఉన్నప్పుడు పూస్తే చక్కగా పట్టుకుంటుంది. పసుపును దోసెపిండి కన్నా కొంచెం చిక్కగా కలిపి, అరచేత్తో కిందనుంచి పైకి రెండుసార్లు పూశాను, రెండో పూత మొదటిది ఆరాకే.

తప్పు జరిగింది ఆ తర్వాత. పసుపు మీద తెల్లని బొట్లు, గీతలు పెట్టాలి కదా, ఇంట్లో తడిసున్నం ఉంది, వేలితో తీసి కుండ చుట్టూ వరుసగా బొట్లు పెట్టుకుంటూ పోయాను. సగం చుట్టు అయ్యాక మొదట పెట్టిన బొట్టు చూస్తే దాని అంచు ఎర్రగా ఉంది. చూస్తుండగానే పక్కది, ఆ పక్కది, అన్నీ ఇటుక రంగులోకి తిరిగాయి. నాకు కుండలో ఏదో దోషం ఉందేమోనని భయం వేసింది. అత్తమ్మ మాత్రం "పారాణి ఎట్ల అయితది మరి? పసుపు, సున్నం కలిస్తే ఎరుపే" అన్నారు. నిజమే, పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి అదే కదా, కుండ మీద కూడా అదే జరుగుతుందని నాకు తట్టలేదు. తడి పసుపు మీద ఇంకా తొందరగా తిరుగుతుంది గానీ, ఆరాక పెట్టినా తడిసున్నం అంచుల్లో ఎరుపెక్కుతుంది. కొందరు కుండకు ముందే సున్నంతో పట్టీలు వేసి, ఖాళీ వదిలిన చోటే పసుపు పూస్తారట, అలా అయితే రెండూ కలవవు. నేను మళ్లీ తడిబట్టతో తుడిచి, మొదటినుంచి పసుపు పూసి, తెలుపుకి బియ్యప్పిండి వాడాను. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బిన పిండి, పుల్ల చివరికి దూది చుట్టి దానితో బొట్లు. అది తెల్లగానే ఉంటుంది. ఆ బొట్ల మధ్యలో కుంకుమ పెట్టేటప్పుడు మాత్రం పిండి పూర్తిగా ఆరాలి, లేకపోతే ఎరుపు పాకి గులాబీరంగు మరకలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి, బోనం వండిన వెంటనే వేడివేడిగా కుండలోకి తీయకూడదు. మాది పాలు, బెల్లం వేసి వండే బోనం. ఆ వేడికి మట్టికుండకు బయట చెమ్మ పడుతుంది, బొట్లు జారతాయి, మెడకు కట్టిన వేపాకు వాడిపోతుంది. అందుకే పక్క గిన్నెలో వండి, గోరువెచ్చగా అయ్యాక కుండలోకి తీసి, ఆ తర్వాతే వేపమండలు కట్టాను.

వేపమండలు కట్టడంలో మొదట తిప్పలు పడ్డాను. జానెడు పొడుగు లేత మండలు తీసుకుని దారంతో ఒకేసారి చుట్టబోతే, పసుపు పూసిన మెడ మీద అవన్నీ ఒక పక్కకు జారిపోయాయి. అప్పుడు అత్తమ్మ చెప్పినట్టు ముందు ఉత్త సుతిలినే అంచు కింద మెడకు రెండు చుట్లు గట్టిగా బిగించి, ఒక్కో మండ కాడను ఆ చుట్ల కిందికి దోపాను, ఆకులు కిందికి వేలాడేలా. చుట్టూ నిండాక పైనుంచి బంతిపూల దండ ఒకటి వేస్తే సుతిలి కనపడదు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి శనివారం పొద్దున్నే తెచ్చుకున్నాం, తడిబట్ట కప్పి నీడలో పెడితే ఆదివారానికి నిగనిగలాడుతూ ఉన్నాయి.

పైన మూకుడు, దానిలో దీపం. ప్రమిద కదలకుండా అడుగున పిడికెడు అన్నం మెదిపి మెత్తి, దాని మీద కూర్చోబెట్టాను. నూనె సగానికే పోయాలి, నడకకు ఊగి ఒలికితే నుదుటి మీదికే వస్తుంది. ఆకులు గానీ పూలు గానీ మూకుడు అంచు దాటి పైకి రాకూడదు, మంటకు తగిలితే చిటపటమని కాలతాయి.

ఇక దారి. శనివారం సాయంత్రం గల్లీ పిల్లలంతా కలిసి మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు నిండా రంగుల ముగ్గు వేశారు, నేనూ చాలా ఇష్టంగా వేశాను. అత్తమ్మ కిటికీలోంచి చూసి, చెంబుతో నీళ్లు తెప్పించి ముగ్గు మధ్యలో పోయించి, "ఇప్పుడు చెప్పుల్లేకుండా నడువు" అన్నారు. రెండో అడుగుకే నా కాలు సర్రున జారింది, గోడ పట్టుకున్నాను. బోనం ఎత్తుకున్న వాళ్లు వచ్చినప్పుడు ప్రతి ఇంటివాళ్లూ కాళ్ల మీద నీళ్లు పోస్తారు, సాక పోస్తారు, ముగ్గుపిండి ఆ నీళ్లకు బురద అవుతుంది. చెయ్యి ఒకటి కుండ మీద ఉన్న మనిషికి జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు, కానీ రాత్రే మధ్యలోది కడిగేశాం. పొద్దున కల్లాపి పలుచగా చల్లి, నడిచే మేర ఖాళీగా వదిలి, రెండు గోడల వెంట పొడుగ్గా ముగ్గులు వేశాం. పూలరేకులు, రాలిన వేపాకులు కూడా నడిచే చోట ఉండకుండా ఊడ్చాను, తడిసిన బంతిరేకు ముగ్గు కన్నా ఎక్కువ జారుతుంది.

తోరణాల విషయంలో ఎత్తు చూసుకోవాలి. సుతిలి పురి విప్పి మధ్యలో వేపమండ కాడ దూర్చి వదిలితే అదే బిగుసుకుంటుంది, ముడి అక్కర్లేదు. మేము మొదట కిటికీ నుంచి ఎదురింటి కిటికీకి కట్టాం. నేను ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని కింద నిలబడితే ఆకులు సరిగ్గా దీపం ఉండే చోటికే వేలాడుతున్నాయి. అందుకే పైఅంతస్తు రెయిలింగ్‌కి మార్చాం. కరెంటు స్తంభానికి మాత్రం కట్టనివ్వలేదు, ఆషాఢంలో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, తడిసిన సుతిలి తీగల దగ్గర ఉండకూడదు. ఒక కొస లాగితే విడిపోయే ముడి వేశాం, ఎందుకంటే అమ్మవారికి తీసుకెళ్లే రంగుకాగితాల తొట్టెలు, ఫలహారం బండి తోరణం కన్నా ఎత్తుగా వస్తాయి.

ఆదివారం బయలుదేరేసరికి సన్నగా తుంపర మొదలైంది. మా ఆడపడుచు కొంగు అడ్డం పెట్టి దీపాన్ని కాపాడింది. గుడి దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు కుండ కిందికి దించి చూశాను, కింది వరుసలో రెండు కుంకుమ బొట్లు కొంచెం కరిగాయి, తెల్లబొట్లు తెల్లగానే ఉన్నాయి. తిరిగొచ్చాక అత్తమ్మకు కుండ చూపిస్తే, చుట్టూ తిప్పించుకుని చూసి, మెడ నుంచి ఒక వేపమండ తీసి గడప మీద దోపమన్నారు. ఫలహారం బండి డప్పులు వినపడగానే తోరణం కొస లాగడానికి పిల్లలు మేడ మీదికి పరుగెత్తారు.